షవర్ లాగితే కింద నల్లా ఎందుకు కారుతుంది?

ఈ పదిహేను ఇరవై ఏళ్లలో కట్టిన ఫ్లాట్లలో చాలా బాత్రూముల్లో గోడమీద ఒకే రకం అమరిక కనిపిస్తుంది. గుండ్రటి ప్లేటు, దాని మధ్య వేడికీ చల్లకీ ఒకే లీవరు, లీవరు పక్కనో కిందో చిన్న బటన్. మామూలుగా లీవరు ఎత్తితే కింది స్పౌట్‌లోంచి బకెట్‌లోకి నీళ్లు పడతాయి. బటన్ లాగితే అవే నీళ్లు పైకెక్కి షవర్‌లోంచి రావాలి. నీళ్లకు ఇలా దారి మళ్లించే భాగమే డైవర్టర్.

కొన్నేళ్లు గడిచాక దీనికి రెండు జబ్బులు వస్తాయి. ఒకటి, బటన్ లాగినా కింద ధార ఆగదు. షవర్ సన్నగా, స్పౌట్ సన్నగా, రెండూ కారుతుంటాయి. రెండోది, బటన్ ఎక్కడుందో అక్కడే బిగుసుకుపోతుంది. బకెట్ నింపుదామని లీవరు ఎత్తితే నెత్తిమీద చల్లటి నీళ్లు పడతాయి. ప్లంబర్ వచ్చి చూసి "సెట్టు మొత్తం మార్చాలి సార్, టైల్స్ పగలగొట్టాలి" అంటే ఇంట్లోవాళ్లు భయపడి మరో రెండేళ్లు అలాగే సర్దుకుంటారు. నిజానికి చాలావాటికి టైల్ మీద సుత్తి పడనక్కర్లేదు. గోడలో శాశ్వతంగా పాతుకుని ఉండేది ఇత్తడి బాడీ ఒక్కటే. అరిగే భాగాలన్నీ ముందువైపు నుంచే బయటికి వస్తాయి. అయితే వాటిని విప్పే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: తప్పు రబ్బరుదా, పేరుకున్న ఉప్పుదా, లేక నీళ్ల ఒత్తిడిదా? మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం మూడింటికీ వేరు.

లోపల జరిగేది చూద్దాం. బటన్‌కు లోపలివైపు సన్నటి ఇత్తడి కడ్డీ ఉంటుంది. ప్లంబర్లు దాన్ని స్పిండిల్ అంటారు. దానికి రబ్బరు వాషర్లు తొడిగి ఉంటాయి. ఎదురుగా బాడీలో ఆ వాషర్ వచ్చి ఆనే నున్నటి అంచు ఉంటుంది. దాని పేరు సీటు. బటన్ మామూలు స్థితిలో ఉన్నప్పుడు స్పౌట్ దారి తెరిచి ఉంటుంది. బటన్ లాగితే కడ్డీ జరిగి, వాషర్ స్పౌట్ సీటు మీద కూర్చుంటుంది. కింది దారి మూసుకుపోవడంతో నీళ్లు పైకెక్కుతాయి. మోడల్‌ని బట్టి బటన్‌ని లాగాలా నొక్కాలా అన్నది మారుతుంది కానీ లోపలి సూత్రం అదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లాగిన బటన్‌ని ఆ స్థితిలో పట్టి ఉంచేది ఏ కొక్కెమో తాళమో కాదు, నీళ్లే. లోపలి నీటి ఒత్తిడి వాషర్‌ని సీటుకేసి అదిమి పెడుతుంది. స్ప్రింగ్ దాన్ని వెనక్కి తోయాలని చూస్తుంటుంది. లీవరు దించగానే ఒత్తిడి పడిపోతుంది, స్ప్రింగ్ గెలుస్తుంది, బటన్ తనంతట తాను వెనక్కి వస్తుంది. తర్వాత బాత్రూంలోకి వచ్చి లీవరు ఎత్తిన మనిషి బట్టలతో తడిసిపోకుండా చేసిన ఏర్పాటది. అందుకే నీళ్లు వదలకముందే బటన్ లాగి "నిలబడటం లేదు" అనుకోవడం తప్పు. ముందు లీవరు పూర్తిగా ఎత్తి, ధార వచ్చాక లాగాలి.

షవర్ కట్టేశాక స్పౌట్‌లోంచి కొద్దిసేపు నీళ్లు కారడం కూడా జబ్బు కాదు. డైవర్టర్ నుంచి షవర్ దాకా గోడలో నిలబడిన గొట్టంలో నీళ్లుంటాయి. బటన్ వెనక్కి వచ్చి కింది దారి తెరుచుకోగానే అవి దిగి వచ్చేస్తాయి. ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గంట తర్వాత కూడా చుక్కలు పడుతుంటే లోపం డైవర్టర్‌లో లేదు, లీవరు కింద ఉండే కాట్రిడ్జ్‌లో ఉంది.

ఇక పరీక్ష. పనిముట్లేవీ అక్కర్లేదు. లీవరు పూర్తిగా ఎత్తండి, బటన్ లాగండి, వేళ్లతో దాన్ని గట్టిగా అదే స్థితిలో పట్టుకోండి. స్పౌట్ వైపు చూడండి. చేత్తో పట్టుకున్నంతసేపూ స్పౌట్ పూర్తిగా ఆగి, వదలగానే మళ్లీ కారడం మొదలైతే వాషరూ సీటూ బాగానే ఉన్నట్టు. దాన్ని పట్టి ఉంచే బలం చాలడం లేదు, అంతే. చేత్తో పట్టుకున్నా ధార ఆగకపోతే వాషర్ సీటు మీద సరిగ్గా కూర్చోవడం లేదు: రబ్బరు అరిగింది, లేదా మధ్యలో ఏదో అడ్డుపడింది. బటన్ అసలు కదలకపోతే, లేదా సగంలో ఆగిపోతే కడ్డీకి ఉప్పు పట్టింది. నీళ్లు స్పౌట్‌లోంచి కాక బటన్ చుట్టూ చెమ్మగా ఊరుతుంటే కడ్డీకి తొడిగిన ఓ రింగ్ పాడయింది. ప్లంబర్‌ని పిలిచే ముందు ఈ నాలుగింట్లో మనది ఏదో తెలుసుకుంటే మాట్లాడే తీరే మారిపోతుంది.

బలం చాలకపోవడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే దీనికి భాగాలు మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. మన ఇళ్లలో నీళ్లు డాబామీది ట్యాంకు నుంచి వాటి బరువుతోనే దిగుతాయి. లెక్క తేలిక: ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే ఒత్తిడి సుమారు 1 బార్. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఒక్కో అంతస్తు 3 మీటర్లు, ట్యాంకు అడుగు డాబాకు 2 మీటర్ల పైన, డైవర్టర్ బాత్రూం నేలకు మీటరు ఎత్తున. అయిదో అంతస్తులో డైవర్టర్‌కీ ట్యాంకుకీ తేడా 4 మీటర్లు, అంటే 0.4 బార్. మూడో అంతస్తులో 10 మీటర్లు, 1 బార్. మొదటి అంతస్తులో 16 మీటర్లు, 1.6 బార్. ఇలాంటి డైవర్టర్లు చాలావాటికి కనీసం 0.5 బార్ ఉండాలని కంపెనీల కాగితాల్లోనే రాసి ఉంటుంది. కింది ఇంట్లో హాయిగా పనిచేసే అదే కంపెనీ అదే మోడల్ పై ఇంట్లో మొదటి రోజు నుంచీ నిలబడకపోవడం వెనక ఉన్న లెక్క ఇదే. లోపం వస్తువుది కాదు, ఎత్తుది.

పై అంతస్తువాళ్లు దీనికి తోడు పెద్ద రెయిన్ షవర్ పెట్టించుకుంటే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. చిల్లులు ఎక్కువ, అడ్డు తక్కువ కాబట్టి నీళ్లు సులువుగా బయటికి పోతాయి. డైవర్టర్ లోపల ఒత్తిడి నిలవదు. వాషర్‌ని అదిమే బలం ఇంకా తగ్గుతుంది. అక్కడ ఎన్ని కొత్త వాషర్లు వేసినా ప్రయోజనం లేదు. చిన్న షవర్‌కి మారాలి, లేదా ప్రెషర్ పంప్ పెట్టించాలి, లేదా ఒత్తిడి మీద ఆధారపడని తిప్పుడు రకం డైవర్టర్ ఎంచుకోవాలి. ఇల్లు కట్టేటప్పుడే పై అంతస్తుకి తిప్పుడు రకం వేయించుకోవడం నా దృష్టిలో తెలివైన పని. గోడ కట్టాక ఆ ఎంపిక చేతిలో ఉండదు.

ఇప్పుడు ఉప్పు సంగతి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. నీళ్లు వేడెక్కినా, పలుచటి పొరగా నిలిచి ఆరినా, కార్బన్ డయాక్సైడ్ వాయువు వెళ్లిపోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. ఇది సున్నపురాయి జాతిది. మామూలు నీళ్లలో కరగదు కాబట్టి ఒకసారి పట్టాక కడిగితే పోదు. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. హైదరాబాద్ శివార్లలోనూ, బోరు తప్ప మరో ఆధారం లేని ఊళ్లలోనూ స్నానానికి వచ్చే నీళ్లు 200 దాటడం మామూలే. గీజర్‌లో 60 డిగ్రీల దాకా కాచిన నీళ్లు ఇంకా త్వరగా పొర కడతాయి. అందుకే డైవర్టర్‌లో తెల్లటి పెచ్చులు తరచుగా వేడినీళ్లు ఒరుసుకుపోయే చోటే ఎక్కువ. థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర పెట్టుకున్న ఇళ్లలో పొర నెమ్మదిగా పేరుకుంటుంది.

ఇందులో మన అలవాటు వాటా కూడా ఉంది. తెలుగు ఇళ్లలో చాలామంది బకెట్‌తో చెంబుతో పోసుకునేవాళ్లే. షవర్ ఉన్నది చుట్టాలు వచ్చినప్పుడు, లేదా పిల్లలు ఆదివారం పూట వాడుకోవడానికి. నెలల తరబడి కదలని కడ్డీ చుట్టూ నీళ్లు నిలబడి, ఆరి, నిలబడి, ఆరి పొర కడతాయి. రోజూ ఆడే కడ్డీ మీద ఆ పొరను వాషర్ అప్పటికప్పుడు రాసి తీసేస్తుంది. వాడని కడ్డీ మీద అది గట్టిపడుతుంది. వాడకం ఎక్కువై పాడయ్యే వస్తువులు చాలా ఉన్నాయి కానీ డైవర్టర్ బిగుసుకుపోయేది ఎక్కువగా వాడకే. వారానికోసారి నీళ్లు వదిలి బటన్‌ని నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించడం దీనికి సరిపోతుంది.

కొత్త ఇంట్లో, గృహప్రవేశం అయిన నెలకే స్పౌట్ కారుతుంటే మాత్రం ఉప్పుని తిట్టకండి. అంత త్వరగా పొర కట్టదు. పైపులు కోసినప్పటి ప్లాస్టిక్ తురుము, ఇసుక రేణువు, టెఫ్లాన్ టేపు ముక్క కొట్టుకొచ్చి వాషర్ కింద ఇరుక్కుని ఉంటుంది. విప్పి, ఒకసారి నీళ్లతో కొట్టించి శుభ్రం చేస్తే అయిపోతుంది.

రబ్బరు సంగతికి వస్తే, వాషర్ అరగడం రెండు రకాలుగా జరుగుతుంది. ఏళ్ల తరబడి ఒకే అంచు మీద అదుముకుని అదుముకుని దాని ముఖం మీద ఒక వలయం గాడిలా పడుతుంది, రబ్బరు తన సాగుడు గుణం పోగొట్టుకుంటుంది. ఓ రింగ్ అయితే గుండ్రంగా ఉండవలసింది ఒకవైపు బల్లపరుపుగా అయిపోతుంది. వేళ్ల మధ్య నొక్కి చూస్తే మెత్తగా ఉండక గట్టిగా తగులుతుంది. రెండో రకం, ఉప్పు పెచ్చు పదునుగా ఉండి రబ్బరుని కోయడం. అంటే ఉప్పు సీటు మీద కూర్చుని వాషర్‌ని ఆనుకోనివ్వకపోవడమే కాదు, వాషర్‌ని తినేస్తుంది కూడా. అందుకే చాలా ఇళ్లలో ఈ రెండూ కలిసే దొరుకుతాయి. ఒకటి బాగుచేసి రెండోది వదిలేస్తే మూడు నెలలకి పని మళ్లీ మొదటికొస్తుంది.

ఒక ఇంటి కేసు పూర్తిగా నడిపి చూద్దాం. నిజాంపేటలో పైన చెప్పిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, తొమ్మిదేళ్ల కిందటి ఫిటింగ్ అనుకుందాం. బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు. బటన్ లాగితే బిర్రుగా కదులుతోంది, నిలబడుతోంది, కానీ కింద కారుతోంది. ఒత్తిడి 1 బార్ ఉంది కాబట్టి ఎత్తు సమస్య కాదు. ఇంటావిడ స్పౌట్ కింద కొలత ఉన్న మగ్గు పెట్టి, గడియారం చూసి నిమిషం పట్టింది. 1.2 లీటర్లు వచ్చింది. ఎనిమిది నిమిషాల స్నానానికి దాదాపు 10 లీటర్లు, ఒక బకెట్‌లో సగం. ఎంత కారడం మామూలు అనడానికి ఒక అంకె చెప్పాలంటే, అమెరికాలోని కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం స్నానపు తొట్టి స్పౌట్ డైవర్టర్ కొత్తగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 38 మిల్లీలీటర్లకు మించి కారకూడదు, 15,000 సార్లు ఆడించాక కూడా సుమారు 190 మిల్లీలీటర్లకు మించకూడదు. అంటే కొన్ని చుక్కలకు ఎవరూ కంగారు పడనక్కర్లేదు. 1.2 లీటర్లు మాత్రం వైద్యం చేయవలసిన కారుడే.

చేత్తో పట్టుకుని చూశారు. ధార తగ్గలేదు. అయితే సీటు మీదే ఏదో ఉంది. విప్పే ముందు ఇంకొక్కటి చూడాలి. షవర్ చిల్లులు ఉప్పుతో మూసుకుపోయి ఉంటే నీళ్లు పైన బయటికి పోలేక వెనక్కి తంతాయి. ఆ అదనపు ఒత్తిడికి, కొద్దిగా మాత్రమే అరిగిన వాషర్ సందులోంచి కూడా నీళ్లు ఎక్కువ కారతాయి. కాబట్టి షవర్ తల విప్పి, బటన్‌ని చేత్తో పట్టుకుని మళ్లీ నిమిషం కొలిచారు. 1.2 లీటర్లు కాస్తా 0.7కి దిగింది. అంటే షవర్ తలకీ జబ్బుంది, కానీ దాన్ని శుభ్రం చేసినంత మాత్రాన పని ముగియదు.

షవర్ తలని ముందు నానబెట్టారు. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో 25 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్, రెండు పెద్ద చెంచాలు. అందులో అరగంట నుంచి గంట. ఉప్పు పొర ఉన్నచోట బుడగలు వస్తాయి, అవి కార్బన్ డయాక్సైడ్ బుడగలు. బుడగలు ఆగిపోయాక పాత టూత్‌బ్రష్‌తో తోమి కడిగారు. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, మరిగేవి పోయకూడదు. నిమ్మ ఉప్పుతో కాల్షియం కలిసి ఏర్పడే కాల్షియం సిట్రేట్ వేడినీళ్లలో ఇంకా తక్కువ కరుగుతుంది, వదిలించబోయిన పొర స్థానంలో మరో తెల్ల పొర మిగులుతుంది. వంటింటి వెనిగర్ కూడా పనికొస్తుంది, కాస్త నెమ్మదిగా. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం వద్దు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఉప్పుని నిమిషంలో తింటుంది, దాని వెంటే క్రోమ్ మెరుపునీ కింది ఇత్తడినీ తింటుంది. అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి చిన్న బాత్రూంలో ఊపిరాడకుండా చేస్తుంది.

ఇప్పుడు డైవర్టర్. గీజర్ స్విచ్ ఆపి, నీళ్లు చల్లారేదాకా ఆగారు. బాత్రూంకి వచ్చే వాల్వ్ కట్టేశారు. చాలా అపార్ట్‌మెంట్లలో అది డక్ట్‌లోనో బాత్రూం పైన అటక దగ్గరో ఉంటుంది, కొన్నిచోట్ల డాబామీద ఉంటుంది. గీజర్‌లోకి చల్లనీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ కూడా కట్టారు. వెనకనుంచి నెట్టేది లేకపోతే వేడి గొట్టంలో నీళ్లు ముందుకు కదలవు. తర్వాత లీవరు ఎత్తి మిగిలిన నీళ్లు పోనిచ్చారు. నేలమీది జాలీ మీద పాత తువ్వాలు పరిచారు. ఈ పనిలో ఎక్కువమంది పోగొట్టుకునేది ఆ జాలీలోంచి జారిపోయే చిన్న స్క్రూనే.

లీవరు మీద ఎరుపు నీలం గుర్తున్న చిన్న మూత ఉంటుంది. దాన్ని గోటితోనో సన్నటి పిన్నుతోనో లేపితే లోపల చిన్న స్క్రూ కనిపిస్తుంది. చాలావాటికి 2.5 లేదా 3 మిల్లీమీటర్ల ఎలన్ కీ సరిపోతుంది. లీవరు వచ్చేశాక ప్లేటు ముందుకు జారుతుంది. బటన్ తలని తిప్పి తీశాక డైవర్టర్‌ని బాడీకి బిగించిన నట్టు బయటపడింది. దానికి గుడ్డ చుట్టి స్పానర్‌తో ఎడమకి తిప్పారు. కదలకపోతే బలం పెంచకూడదు. నట్టు అంచుల మీద నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి మళ్లీ చూడాలి. బలవంతంగా తిప్పితే నట్టు రాకపోగా గోడలోని జాయింట్ వదులయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు సుత్తి తప్పదు.

కడ్డీ బయటికి వచ్చింది. విడదీయకముందే ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకున్నారు. స్ప్రింగ్ ఏ వైపు, పలుచటి వాషర్ ముందా వెనకా అన్న సందేహం తిరిగి అమర్చేటప్పుడు తప్పకుండా వస్తుంది. కడ్డీ మధ్యలో తెల్లటి పొర గరుకుగా ఉంది, బటన్ బిర్రుగా కదలడానికి కారణం అదే. స్పౌట్ వైపు వాషర్ ముఖం మీద వలయం గాడి, దాని ఒక పక్క చిన్న కోత. ఓ రింగులు రెండూ చదునైపోయాయి. టార్చి వేసి బాడీ లోపలికి చూస్తే సీటు మీద, కింది భాగంలో బియ్యపుగింజంత ఉప్పు పెచ్చు అంటుకుని ఉంది. కోత పడ్డది సరిగ్గా దాని ఎదురుగానే.

రబ్బర్లన్నీ విడదీసి, లోహపు భాగాల్ని మాత్రం నిమ్మ ఉప్పు నీళ్లలో వేశారు. సీటు దగ్గరికి పాత్ర చేరదు కాబట్టి అదే నీళ్లలో ముంచిన గుడ్డని లోపల అద్ది ఇరవై నిమిషాలు ఉంచి, మళ్లీ తడిపి ఇంకోసారి పెట్టారు. మెత్తబడిన పెచ్చుని వేలితో, బ్రష్‌తో తీశారు. స్క్రూడ్రైవర్‌తోనో బ్లేడుతోనో గీకాలన్న ఆశ ఇక్కడే పుడుతుంది, దాన్ని ఆపుకోవాలి. సీటు మీద ఒక్క గీత పడితే ఏ కొత్త వాషరూ దాన్ని మూయలేదు. ఆ తర్వాత వాల్వ్ ఒక్క క్షణం సన్నగా తెరిచి, తెరిచిన బాడీలోంచి నీళ్లు బయటికి చిమ్మనిచ్చి, వదులైన రేణువుల్ని కొట్టించేశారు.

వాషర్, ఓ రింగులు పట్టుకుని శానిటరీ షాపుకి వెళ్లారు. ఓ రింగ్‌కి కొలతలు రెండు, లోపలి వ్యాసం, రబ్బరు మందం. కంటికి సమానంగా కనిపించినా అర మిల్లీమీటరు మందం తగ్గితే కారుతుంది, పెరిగితే బటన్ బిర్రెక్కుతుంది. విడి భాగాలు దొరకకపోతే అదే కంపెనీ, అదే మోడల్ డైవర్టర్ అసెంబ్లీ పూర్తిగా కొనవచ్చు. వేరే కంపెనీది "ఇదీ సరిపోతుందన్నా" అని షాపతను చేతిలో పెడితే తీసుకోకూడదు. మరచుట్టు కలిసినా సీటు లోతు కలవకపోవచ్చు.

రబ్బరు జారడానికి ఏదో ఒకటి రాయాలి. మన ఇళ్లలో చేతికి దొరికేది కొబ్బరినూనె, లేదా వాజలీన్, లేదా స్కూటర్ ఆయిల్. నీటి ఫిటింగుల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరుకి పెట్రోలియం నూనెలు పడవు. అది ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్లకి కడ్డీనే బిగించేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలదీ ఇదే కథ. నీటి కుళాయిల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పెసరగింజంత చాలు, ఓ రింగ్ చుట్టూ సన్నగా.

అన్నీ తిరిగి అమర్చి, వాల్వ్ నెమ్మదిగా తెరిచి, గొట్టాల్లోని గాలి పోయేదాకా స్పౌట్‌లోంచి నీళ్లు వదిలారు. బటన్ లాగి మగ్గు పెట్టి నిమిషం పట్టారు. అడుగున 20 మిల్లీలీటర్లు. లీవరు దించగానే బటన్ టక్కుమని వెనక్కి వచ్చింది.

ఇదే పరీక్ష తిరగేసి కూడా చేయవచ్చు. బకెట్ నింపుతుంటే పైన షవర్ చుక్కలు రాలుస్తోందనుకోండి. డైవర్టర్ విప్పే ముందు స్పౌట్ మూతిలోని చిన్న జాలీ తిప్పి తీసి చూడండి. అది ఉప్పుతో పూడిపోతే కింద దారి లేక నీళ్లు పైకి వెతుక్కుంటాయి. చాలా ఇళ్లలో ఆ జాలీ కడిగితే పని అయిపోతుంది.

పాత రకం వాల్ మిక్సర్లలో, రెండు పక్కలా రెండు నాబ్‌లు, మధ్యలో తిప్పుడు డైవర్టర్, కింద టెలిఫోన్ షవర్ ఉండే వాటిలో, కథ కొంచెం వేరు. వాటిలో కొన్నింటికి లోపల రబ్బరుకి బదులు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. వాటి మధ్య ఇసుక రేణువు పడి గీత పడితే బాగుచేయడం ఉండదు, ఆ కాట్రిడ్జ్ మొత్తం మార్చడమే. అవి ఒత్తిడి మీద ఆధారపడవు కాబట్టి రెండు దారుల్లోనూ నీళ్లు వస్తుంటే అనుమానం నేరుగా కాట్రిడ్జ్ మీదే. నాబ్ బిగుసుకుంటే కటింగ్ ప్లయర్‌తో తిప్పడం మన దగ్గర బాగా అలవాటైన పద్ధతి. లోపలి కడ్డీ తెగి బాడీలోనే ఉండిపోతే, అయిదు నిమిషాల్లో అయ్యే పని గోడ పగలగొట్టే దాకా వెళుతుంది.

గోడ పగలగొట్టక తప్పని సందర్భాలు నిజంగా ఉన్నాయి. ఇత్తడిలో రాగితో పాటు జింక్ ఉంటుంది. కొన్ని రకాల నీళ్లు ఏళ్ల తరబడి ఆ జింక్‌ని లాగేసుకుంటే మిగిలేది ఎర్రగా, గుల్లగా మారిన లోహం. సీటు అంచు నున్నగా ఉండక గుంటలు పడి, గోరు ఆడిస్తే గరుకుగా తగులుతుంది. యాసిడ్‌తో కడిగిన బాడీల్లో ఇది ముందే వస్తుంది. ఆ గుంటల మీద కొత్త వాషర్ వారం పది రోజులు పట్టి ఉంటుంది, తర్వాత మళ్లీ కారుతుంది. కొత్త అసలు భాగం వేశాక కూడా పదిరోజుల్లో పాత కారుడు వచ్చిందంటే తప్పు బాడీదని తేల్చుకోవచ్చు. ఆ రోజు ప్లంబర్ చెప్పే మాట నిజమే.

పని పూర్తయ్యాక ప్లేటుని వెంటనే గోడకి అంటించకండి. తీసి ఉంచి, ఒక రోజంతా మామూలుగా స్నానాలు చేసుకుని, మర్నాడు ఆ రంధ్రం అంచుల్లో, నట్టు కింద టిష్యూ కాగితం అద్ది చూడాలి. టిష్యూ పొడిగా వస్తేనే ప్లేటు పెట్టి, చుట్టూ సిలికాన్ సీలెంట్ పూయాలి. పూసేటప్పుడు ప్లేటు కింది అంచున వేలెడంత సందు వదిలేయడం మంచి ప్లంబర్ల పద్ధతి. రేపెప్పుడైనా లోపల మళ్లీ కారితే ఆ నీళ్లు గోడలోకి ఇంకి పక్క గదిలో పెయింట్ ఊడగొట్టకుండా ఆ సందులోంచి టైల్ మీదకే దిగుతాయి.